ఎకో రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటే సరిపోతుందా?

కీమో వార్డులో డాక్సోరూబిసిన్‌ను ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఎర్ర మందు అంటారు. సిరంజిలో ముదురు ఎరుపు రంగులో కనిపిస్తుంది. నర్సు పక్కనే ఉండి, నరాన్ని గమనిస్తూ నెమ్మదిగా ఎక్కిస్తుంది. మందు నరం బయటికి కారితే ఆ చోట చర్మం, కండ కాలినట్టు పాడైపోతాయి. ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదని ముందే చెప్పకపోతే మనిషి హడలిపోతాడు. రొమ్ము క్యాన్సర్‌లో, లింఫోమాలో, పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్లలో దశాబ్దాలుగా ప్రాణాలు నిలబెడుతున్న మందుల్లో ఇదొకటి. గుండెను దెబ్బతీసే కీమో మందుల్లోనూ మొదట చెప్పుకోవాల్సింది దీన్నే.

ఈ సంగతి డాక్టర్లకు కొత్త కాదు. కీమోకు ముందు ఎకో, అంటే గుండెకు అల్ట్రాసౌండ్ పరీక్ష, తీయించడం ఇప్పుడు చాలాచోట్ల మామూలైపోయింది. పరీక్ష చేయించడంలో కన్నా దాన్ని చదవడంలోనే పెద్ద లోటు ఉందని నా అభిప్రాయం. రిపోర్టు చివర ‘నార్మల్’ అన్న మాట కనిపించగానే ఫైలు మూసేస్తున్నాం. ఆ మాట లోకంలోని గుండెలన్నిటితో పోల్చి చెప్పింది. మనకు కావాల్సింది ఈ మనిషి గుండెను, మూడు నెలల కిందటి ఇదే మనిషి గుండెతో పోల్చడం.

ముందు మందు ఏం చేస్తుందో చూద్దాం. క్యాన్సర్ కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏ చిక్కులు విప్పడానికి టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్ కావాలి. డాక్సోరూబిసిన్ దాన్ని పట్టుకుని, డీఎన్ఏ తెగిపోయేలా చేస్తుంది. ఆ ఎంజైమ్‌లో ఇంకో రకం గుండె కండ కణాల్లోనూ ఉంటుంది. మందు దాన్నీ వదలదు. దాంతో గుండె కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి. చర్మ కణమో, పేగు కణమో పోతే దాని చోట ఇంకోటి పుడుతుంది. గుండె కండ కణం పోతే దాదాపు పోయినట్టే. అందుకే ఎర్ర మందు లెక్క సైకిల్‌కు సైకిల్ చెరిగిపోదు, కూడుతూ పోతుంది.

ఆ కూడికను శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కేస్తారు. 1979లో వేలమంది పేషంట్ల రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనం, మొత్తం డోసు 550 దాటాక గుండె వైఫల్యం బాగా పెరుగుతోందని చెప్పింది. చాలాకాలం అదే హద్దుగా నిలిచింది. 2003లో వచ్చిన ఇంకో విశ్లేషణలో 400 దగ్గర సుమారు 5 శాతం మందికి, 550 దగ్గర 26 శాతం మందికి గుండె వైఫల్యం వచ్చినట్టు తేలింది. అంటే అనుకున్నదానికన్నా చాలా ముందే మొదలవుతోంది. అంతకన్నా తక్కువ డోసులో పూర్తి భద్రత ఉందని కూడా కాదు. వయసు పైబడినవాళ్లకి, బీపీ ఉన్నవాళ్లకి, ఎడమ ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి 250 లోపే ఇబ్బంది రావచ్చు.

ఇక ఎకో గదిలోకి వెళ్దాం. రిపోర్టులో అందరూ చూసేది ఒకటే అంకె, ఎజెక్షన్ ఫ్రాక్షన్. వాడుకలో ఈఎఫ్. ఎడమ జఠరిక నిండినప్పుడు 110 మిల్లీలీటర్ల రక్తం ఉండి, బిగిసి వదిలాక 40 మిగిలిందనుకోండి. 70 బయటికి వెళ్లింది కాబట్టి ఈఎఫ్ 64 శాతం. ఆ 110, ఆ 40 ఎక్కడి నుంచి వచ్చాయి? స్క్రీన్ మీద బొమ్మను ఆపి, బూడిద రంగు మచ్చల మధ్య గుండె లోపలి గోడ ఎక్కడుందో చూసుకుంటూ చేత్తో గీత గీస్తారు. ఆ గీత రెండోసారి ఒక వెంట్రుక వాసి బయటికి జరిగి, మిగిలింది 40 కాక 44 అయితే ఈఎఫ్ 60కి పడిపోతుంది. గుండెలో ఏ మార్పూ లేదు, గీతలోనే మార్పు. మామూలు టూడీ ఎకోలో రెండు పరీక్షల మధ్య దాదాపు 10 పాయింట్ల తేడా ఇలాంటి కారణాలతోనే రావచ్చు. త్రీడీలో ఈ తేడా తగ్గుతుంది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినా, రక్తహీనతతో గుండె వేగంగా కొట్టుకున్నా అంకె కదులుతుంది.

పైగా ఈఎఫ్ ఆలస్యంగా నోరు విప్పే అంకె. కొన్ని కణాలు దెబ్బతిన్నా మిగిలినవి కాస్త ఎక్కువ కష్టపడి పంపింగ్‌ను నెట్టుకొస్తాయి. ఈఎఫ్ పడిందంటే ఆ సర్దుబాటు కూడా చాలడం లేదన్నమాట. అందుకే ఇప్పుడు స్ట్రెయిన్ అనే ఇంకో కొలత చూస్తారు, రిపోర్టులో జీఎల్ఎస్ అని ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని గోడ పొడవు వైపున ఎంత శాతం కుంచించుకుపోతోందో అది చెబుతుంది. 10 సెంటీమీటర్ల గోడ 8కి తగ్గితే 20 శాతం. పొడవు తగ్గుతోంది కాబట్టి మైనస్ 20 అని రాస్తారు. ఆ మైనస్ చూసి టెన్షన్ పడనక్కర్లేదు. ఈ కొలత మొదటి విలువ కన్నా 15 శాతానికి పైగా తగ్గితే, ఈఎఫ్ బాగానే ఉన్నా గుండెకు దెబ్బ మొదలైందని 2022లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఒక ఉదాహరణతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. అంకెలు నేను వేసుకున్నవి, దారి మాత్రం రోజూ జరిగేదే. 52 ఏళ్ల మహిళ, కొంచెం బీపీ ఉంది. హెర్-2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్. ముందు ఎర్ర మందు నాలుగు సైకిళ్లు, ఒక్కోసారి చదరపు మీటరుకు 60 చొప్పున మొత్తం 240. ఆ తర్వాత ట్రాస్టుజుమాబ్ ఏడాది పాటు. ఈ రెండో మందు హెర్-2 అనే సంకేతాన్ని అడ్డుకుంటుంది. గుండె కణం దెబ్బ తిన్నప్పుడు తనను తాను బాగుచేసుకోవడానికి ఆ సంకేతం మీదే ఆధారపడుతుంది. ఒక మందు గాయం చేస్తే ఇంకోటి మానకుండా చేస్తుందన్నమాట. 2001లో వచ్చిన ట్రయల్‌లో ఎర్ర మందు రకాన్నీ ట్రాస్టుజుమాబ్‌నూ కలిపి ఇచ్చినప్పుడు 27 శాతం మందిలో గుండె పనితీరు దెబ్బతింది. ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చే పద్ధతి రావడానికి ముఖ్య కారణం అదే.

ఆమె మొదటి ఎకోలో ఈఎఫ్ 64, స్ట్రెయిన్ 20. ఎర్ర మందు అయ్యాక 60, 18.4. స్ట్రెయిన్ 8 శాతమే తగ్గింది, చూస్తూ ఉండొచ్చు. ట్రాస్టుజుమాబ్ మొదలై మూడు నెలలయ్యాక ఈఎఫ్ 55, స్ట్రెయిన్ 16.2. రిపోర్టు కింద ‘నార్మల్ ఎల్వీ ఫంక్షన్’ అని ఉంది, అంటే ఎడమ జఠరిక పనితీరు బాగానే ఉందని. 55 చాలా ల్యాబుల్లో నార్మలే, అబద్ధమేమీ లేదు. కానీ 20 నుంచి 16.2కి అంటే 19 శాతం తగ్గుదల. ఆమెకు ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు. మాట్లాడుతున్నది ఆ ఒక్క అంకె మాత్రమే.

ఇక్కడ చేయాల్సిన పని పెద్దదేం కాదు. అదే మెషీన్ మీద, వీలైతే అదే మనిషి చేత ఎకో మళ్లీ తీయించి తేడా నిజమేనని నిర్ధారించుకోవాలి. ఒక కంపెనీ మెషీన్‌లో వచ్చిన స్ట్రెయిన్‌ను ఇంకో కంపెనీ మెషీన్‌తో పోల్చితే లెక్క తప్పుతుంది. ట్రోపోనిన్ రక్త పరీక్ష కూడా చేయిస్తే మంచిది, గుండె కణాలు దెబ్బతింటుంటే అది రక్తంలో పెరుగుతుంది. తేడా నిజమేనని తేలితే బీపీ అదుపులోకి తెచ్చి, ఎనాలప్రిల్, కార్వెడిలాల్ లాంటి గుండె మందులు తక్కువ మోతాదులో మొదలుపెట్టి, క్యాన్సర్ మందు ఆపకుండా కొనసాగిస్తారు. ఎకో మాత్రం ఇంకాస్త తరచుగా తీస్తారు.

అదే ఆ రోజు ఫైలు మూసేశామనుకోండి. మరో మూడు నెలలకు ఈఎఫ్ 46. మొదటి దానితో పోలిస్తే 18 పాయింట్లు తక్కువ. మందుతో వచ్చే పాత సూచన ప్రకారం కనీసం నాలుగు వారాలు ట్రాస్టుజుమాబ్ ఆపాలి. లక్షణాలేవీ లేకుండా 40 నుంచి 49 మధ్య ఉంటే, గుండె మందులు వేసి, దగ్గరగా గమనిస్తూ కొనసాగించవచ్చని కొత్త మార్గదర్శకాలు అంటున్నాయి. నాకు రెండోదే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఆపడం వల్ల గుండె మీద భారం తగ్గినా, క్యాన్సర్ తిరిగి రావడానికి సందు దొరుకుతుంది. కంగారుగా ఆపేయడం, గమనించకుండా నడిపించడం రెండూ తప్పులే. ఆంకాలజిస్టు, కార్డియాలజిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా పేషంట్ చేతికి చీటీలిచ్చి అటూ ఇటూ తిప్పే చోట ఈ రెండూ జరుగుతాయి.

స్ట్రెయిన్ మీద నాకున్న నమ్మకానికి హద్దు కూడా చెప్పాలి. దాన్ని బట్టి మందులు మొదలుపెట్టిన ఒక ట్రయల్ 2021లో వచ్చింది. ఏడాది తర్వాత ఈఎఫ్ అసాధారణ స్థాయికి పడిపోయినవాళ్లు స్ట్రెయిన్ చూసిన గుంపులో 5.8 శాతం, ఈఎఫ్ మాత్రమే చూసిన గుంపులో 13.7 శాతం. కానీ సగటు ఈఎఫ్‌లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మూడేళ్ల తర్వాత చూసినా రాలేదు. కాబట్టి స్ట్రెయిన్ తగ్గిందంటే జాగ్రత్తపడాలని అర్థం, అంతేగానీ క్యాన్సర్ మందు ఆపేయాలని కాదు.

తొందరగా కనిపెట్టడం ఎందుకంత ముఖ్యమో 2010లో వచ్చిన ఇటలీ అధ్యయనం చూస్తే తెలుస్తుంది. ఎర్ర మందు కుటుంబంతో ఈఎఫ్ పడిపోయిన 201 మందికి గుండె మందులు ఇచ్చారు. కీమో అయ్యాక రెండు నెలల్లోపే మొదలుపెట్టినవాళ్లలో 64 శాతం మందికి ఈఎఫ్ కోలుకుంది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరికీ పూర్తిగా కోలుకోలేదు. అదే బృందం 2015లో 2,625 మంది మీద ఇచ్చిన ఫలితాల్లో, గుండె దెబ్బతిన్న కేసుల్లో 98 శాతం కీమో ముగిసిన మొదటి ఏడాదిలోనే బయటపడ్డాయి. సరిగ్గా అప్పుడే మనం పరీక్షలు మానేస్తాం. చివరి సైకిల్ అయిపోయింది, జుట్టు మళ్లీ వస్తోంది, ఇంకా హాస్పిటల్ ఎందుకని అనిపిస్తుంది. ఆ ఏడాదిలో కనీసం ఒక ఎకో, రిస్క్ ఎక్కువున్నవాళ్లకి మూడు నెలల్లోపే ఒకటి ఉండాలి.

అప్పుడు వచ్చే లక్షణాలు కూడా మోసం చేస్తాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తే కీమో నీరసం అనుకుంటారు. చూడాల్సింది వేరే. పడుకుంటే ఊపిరాడక దిండు మీద దిండు వేసుకోవాల్సి వస్తోందా, రాత్రి దగ్గుతో లేచి కూర్చుంటున్నారా, తిండి తగ్గినా రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగారా, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా? నీరసానికి ఇవి ఉండవు.

చిన్నప్పుడు ఎర్ర మందు తీసుకున్నవాళ్ల విషయం ఏడాదితో తేలేది కాదు. మొత్తం డోసు 250 గానీ అంతకు మించి గానీ ఉంటే రెండేళ్లకోసారి ఎకో చేయించాలని అంతర్జాతీయ సూచన. ఇరవై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి గర్భం దాల్చి కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆ డాక్టర్ మొదట అడిగేది ఆ అంకెనే. డిశ్చార్జి కాగితంలో ‘కీమో ఇచ్చాం, ఆరు సైకిళ్లు’ అని మాత్రమే ఉంటుంది. మందు పేరు, చదరపు మీటరుకు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, మొదటి ఎకోలో ఈఎఫ్ ఎంత, స్ట్రెయిన్ ఎంత, ఏ మెషీన్ మీద తీశారు అన్నవి అదే కాగితం మీద రాసివ్వమని ఆఖరి సైకిల్ రోజే అడిగి తీసుకోవాలి.