పరిసయ్యులే ఛాందసులా?

యేసు కాలపు యూదు శాఖల గురించి వినిపించే మాట ఇది: "పరిసయ్యులు ధర్మశాస్త్రాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకు వేలాడిన ఛాందసులు. సద్దూకయ్యులు దాన్ని తేలిగ్గా తీసుకున్న యాజకులు. అప్పటి యూదులంతా ఈ రెండు గుంపుల్లో ఏదో ఒకదానివాళ్లే."

మొదటి మాట తలకిందులు. అక్షరాన్ని పట్టుకున్నది సద్దూకయ్యులు. రాసిన శాస్త్రంలో ఉన్నదే చెల్లుతుందని వాళ్ల వాదన. పరిసయ్యులు దానికి తోడుగా పెద్దల నుంచి వచ్చిన ఆచారాలనూ పాటించేవారు. క్రీ.శ. 93 ప్రాంతంలో యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఈ తేడాను స్పష్టంగా రాశాడు. శిక్షల విషయంలో పరిసయ్యులు మెతకగా ఉండేవారని కూడా అన్నాడు. 62లో యేసు సోదరుడు యాకోబును రాళ్లతో కొట్టించిన ప్రధాన యాజకుడు అననస్ సద్దూకయ్యుడు. తీర్పుల్లో వాళ్లంత కఠినులు యూదుల్లో ఇంకెవరూ లేరన్నది జోసీఫస్ మాటే.

శుద్ధి నియమాల్లోనూ ఇదే కనిపిస్తుంది. శుద్ధమైన కుండలోంచి మైలపడ్డ పాత్రలోకి నీళ్లు పోస్తున్నాం అనుకోండి. కింది మైల ఆ ధార వెంట పైకెక్కి కుండను అంటుకుంటుందా? అంటుకోదన్నారు పరిసయ్యులు. సద్దూకయ్యులు దాన్ని తప్పుపట్టారని యూదు రబ్బీల ధర్మసంకలనం మిష్నా చెబుతుంది. మిష్నా కూర్చింది సుమారు 200లో, అంటే 70లో యెరూషలేము ఆలయం కూలిన 130 ఏళ్లకు. కాబట్టి ఇది తర్వాత అల్లిన కథేమో అన్న అనుమానం సహజం. కానీ మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన ఒక లేఖలాంటి రచనలో, 70కి ముందే, అదే ప్రశ్న ఉంది. ధార రెండు పాత్రలనూ కలిపేస్తుందని అది పట్టుబడుతుంది. అంటే ఈ తగాదా నిజంగా జరిగిందే!

అలాగని కుమ్రాన్ వాళ్లు సద్దూకయ్యులేనని తేల్చేయకూడదు. కొందరు పండితులు అటు మొగ్గినా నాకది ఒప్పుగా తోచదు. సద్దూకయ్యులు విధిని నమ్మలేదు, దేవదూతల్నీ ఒప్పుకోలేదు. కుమ్రాన్ చుట్టలనిండా ఆ రెండూ ఉన్నాయి. ఒక నియమం దగ్గర కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకటైపోరు.

ఇక యాజకత్వం. అది పుట్టుకతో వచ్చేది. ఏ శాఖలో చేరాలన్నది ఎవరికి వారు ఎంచుకున్నది. యాజక కుటుంబంలో పుట్టిన జోసీఫస్ తాను పరిసయ్యుల దారి పట్టానని చెప్పుకున్నాడు. రోమన్లతో యుద్ధ కాలంలో గలిలయలో సేనాధిపతిగా ఉన్న తనను తప్పించడానికి యెరూషలేము నుంచి అక్కడికి పంపిన నలుగురిలో యోజారు కూడా యాజక వంశపు పరిసయ్యుడేనని రాశాడు.

యూదులంతా ఈ రెండు గుంపులవాళ్లే అన్నదీ సంఖ్యలు చూస్తే నిలవదు. జోసీఫస్ లెక్కలో పరిసయ్యులు 6000 పైచిలుకు, మరో యూదు శాఖ అయిన ఎస్సేనీయులు 4000 పైచిలుకు. ఈ అంకెలను అటూ ఇటూ ఎంత సాగదీసినా మిగతా జనం ఏ శాఖకూ చెందనివాళ్లే.

మరో సంగతి, సద్దూకయ్యులు తమ గురించి తాము రాసుకున్నదని నమ్మకంగా చెప్పగల పుస్తకం ఒక్కటీ మిగల్లేదు. వాళ్ల గురించి మనకు తెలిసిందంతా వాళ్లతో విభేదించినవాళ్లు రాసిందే.