తొమ్మిది పైల్స్ అంటే ఒక పైల్‌కి తొమ్మిది రెట్లు కాదు

"పైల్స్ మధ్య 3డి దూరం ఇస్తే గ్రూప్ ఎఫెక్ట్ ఉండదు. ఒక పైల్‌కి వచ్చిన లేటరల్ కెపాసిటీని పైల్స్ సంఖ్యతో గుణిస్తే చాలు. వెనక వరస ముందు వరస నీడలో ఉంటుంది కాబట్టి అక్కడ స్టీల్ తగ్గించుకోవచ్చు. అంతగా భయముంటే మొత్తం కెపాసిటీని 0.5తో గుణించండి, సేఫ్."

ఈ మెసేజ్ గత నెలలో నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. నాలుగోసారి పంపింది మా తిరుపతి కుర్రాడే. స్వర్ణముఖి పక్కన ఒక చిన్న వంతెనకు, నేలలోకి దించిన కాంక్రీట్ పైల్స్ తలలను కలిపి పట్టే దిమ్మ, అదే పైల్ క్యాప్, డిజైన్ చేస్తున్నాడు. "ఇది పెట్టుకుని డ్రాయింగ్ పంపేయమంటారా సార్?" అని అడిగాడు. ఆపమన్నాను. అందులోని నాలుగు మాటలకూ ఇదీ నా జవాబు.

3డి సంగతి

ఆ అంకె ఎక్కడిదో నాకు తెలుసు. పైల్ పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2911లో, చుట్టూ ఉన్న మట్టి రాపిడితో భారం మోసే ఫ్రిక్షన్ పైల్స్‌కి కనీస దూరం వ్యాసానికి మూడు రెట్లు అని ఉంది. అది నిలువు భారాన్నీ, పైల్ వేసే పని సౌలభ్యాన్నీ మనసులో పెట్టుకుని ఇచ్చిన కనీస దూరం. పక్కనుంచి తోసినప్పుడు ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడదని ఆ వాక్యం ఎక్కడా హామీ ఇవ్వలేదు.

పక్కకు తోసినప్పుడు జరిగేది వేరు. పైల్ ముందుకు కదులుతూ తన ఎదుటి మట్టిని ముందుకూ పైకీ నెడుతుంది. ఆ మట్టి విసనకర్రలా విచ్చుకుని ఎదురు నిలుస్తుంది. ఈ నిరోధంలో ఎక్కువ భాగం నేల పైభాగంలో, వ్యాసానికి కొద్ది రెట్ల లోతులోనే పుడుతుంది. వెనక పైల్ ముందున్న మట్టికి ఆ బలం ఉండదు, ఎందుకంటే దాని అవతల ఉన్న ముందు పైల్ కూడా అదే దిశలో జరిగిపోతోంది. తిరుమల క్యూలో ముందువాడి భుజం మీద చేయి ఆనించి నిలబడ్డవాణ్ని ఊహించుకోండి. ముందువాడు అడుగు ముందుకేస్తే వీడి చేతికి ఆనిక పోతుంది. మన భాషలో దీన్నే వరస నీడ అంటున్నాం.

బ్రౌన్, మోరిసన్, రీస్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో ఇసుకలో మూడు మూడు వరసల తొమ్మిది పైల్స్‌ని 3డి దూరంలో పెట్టి తోశారు. ఒంటరి పైల్‌తో పోలిస్తే మట్టి నిరోధం ముందు వరసకు 0.8 వంతు, నడిమి వరసకు 0.4, చివరి వరసకు 0.3 వచ్చింది. అమెరికా వంతెనల కోడ్ ఆష్టోలో 3డి దగ్గర ఇవాళ ఉన్నవీ ఇవే అంకెలు. 5డి దగ్గర అవి 1.0, 0.85, 0.7 అవుతాయి. అంటే 5డి ఇచ్చినా చివరి వరసలో ప్రభావం పూర్తిగా పోదు. తోసే దిశకు అడ్డంగా, పక్కపక్కన నిలబడ్డ పైల్స్‌కి మాత్రం ఇబ్బంది తక్కువ. ఒకే వరస అయితే 3డి దగ్గర 0.8 తీసుకుంటే సరిపోతుంది. కాబట్టి ఎంత దూరం అన్నది ఒక్కటే చాలదు, ఏ దిశలో దూరం అన్నది కూడా చూడాలి.

సంఖ్యతో గుణించడం

ఇక్కడ కాసేపు కూర్చుందాం, ఎందుకంటే కుర్రాడి డ్రాయింగ్ ఆగింది ఇక్కడే.

అతని క్యాప్ కింద 600 మి.మీ. వ్యాసం, 15 మీటర్ల పొడవున్న బోర్డ్ పైల్స్ తొమ్మిది, మూడు వరసల్లో, 1.8 మీటర్ల దూరంలో ఉన్నాయి. ఎం25 కాంక్రీట్ కాబట్టి పైల్ వంగకుండా నిలిచే బిగువు, అంటే EI, సుమారు 1,59,000 కిలోన్యూటన్ చ.మీ. నేల నీటిలో మునిగి ఉన్న మధ్యస్థ ఇసుక. ఐఎస్ 2911 పట్టికలో అలాంటి నేలకు nh విలువ, అంటే లోతుతో పాటు మట్టి బిగువు పెరిగే రేటు, ఘనమీటరుకు 1.4 నుంచి 5 మెగాన్యూటన్ల మధ్య ఉంటుంది. అతను 3 తీసుకున్నాడు, సబబే. క్యాప్ తలలను గట్టిగా పట్టుకుని ఉంటుందనీ, తాను తిరగదనీ అనుకుందాం. ఇక్కడ y తల కదలిక, H పైల్ మోసే పక్క భారం, M తల దగ్గర బెండింగ్ మూమెంట్, T పైల్ బిగువునూ మట్టి బిగువునూ పోల్చి తీసే పొడవు. అప్పుడు లెక్క ఇంతే:

```
T = (EI/nh)^(1/5) = (159000/3000)^(1/5) = 2.21 m
H = y·EI/(0.93·T³)
y = 5 mm  →  H = 79 kN
M = 0.93·H·T = 162 kN·m
```

మెసేజ్ ప్రకారం గ్రూప్ మోసేది 79 × 9, అంటే 711 కిలోన్యూటన్లు. కుర్రాడు రాసుకున్నదీ అదే.

ఇప్పుడు 0.8, 0.4, 0.3లను మట్టికి, అంటే nhకి పెట్టండి. మట్టి మెత్తబడితే T పెరుగుతుంది. అదే 5 మి.మీ. కదలికకు ముందు వరసలో ఒక్కో పైల్ 69, నడిమి వరసలో 46, చివరి వరసలో 38 కిలోన్యూటన్లు మోస్తాయి. వరసకు మూడు చొప్పున కలిపితే 459. 711కి ఇది మూడింట రెండు వంతులు కూడా కాదు. ఇది సరళరేఖ లెక్క. కొద్ది కదలికకు నడుస్తుంది. కదలిక పెరిగేకొద్దీ మట్టి ఇంకా లొంగుతుంది కాబట్టి అసలు డిజైన్‌కి మట్టి నిరోధం పీ, కదలిక వైతో ఎలా మారుతుందో చూపే పీ-వై వక్రరేఖలతో లెక్క చెయ్యాలి, ఈ గుణకాలను అక్కడ పీ విలువల మీద పెట్టాలి.

సరే, వంతెన మీద నిజంగానే 711 కిలోన్యూటన్లు వచ్చి పడితే? పైల్స్ వెంటనే విరగవు. క్యాప్ 5కి బదులు 7.7 మి.మీ. కదులుతుంది. కదలిక చూసి చాలామంది ఫరవాలేదంటారు. కానీ అసలు చిక్కు క్యాప్ అడుగున, పైల్ తలలో దాక్కుని ఉంది. ముందు వరస పైల్ మీద సగటు 79 పడదు, 107 పడుతుంది. దాని తల దగ్గర బెండింగ్ మూమెంట్ 162 అనుకుంటే 230 వస్తుంది, 42 శాతం ఎక్కువ. 162కి లెక్కగట్టి పెట్టిన స్టీల్ అక్కడ చాలదు. క్యాప్ అన్ని తలలనూ ఒకే దూరం కదిలిస్తుంది, కానీ భారాన్ని సమానంగా పంచదు. ముందు గట్టి మట్టి ఉన్న పైల్ మీదికే ఎక్కువ వెళుతుంది.

వెనక వరస స్టీల్

మెసేజ్‌లో నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాటే, ఎందుకంటే వినగానే నిజమనిపిస్తుంది. భారం తక్కువ, కాబట్టి స్టీల్ తక్కువ. పై లెక్కలోనే దీన్ని పరీక్షిద్దాం. 711 పడినప్పుడు చివరి వరస పైల్ మోసేది సుమారు 60 కిలోన్యూటన్లు, అంటే సగటు 79 కంటే 25 శాతం తక్కువ. దాని మూమెంట్ మాత్రం 156. ఒంటరి పైల్ లెక్కలోని 162తో పోలిస్తే తేడా నాలుగు శాతమే. నడిమి వరస ఇంకా విచిత్రం. అది 71 మోస్తుంది, సగటు కంటే తక్కువే, అయినా దాని మూమెంట్ 175, ఒంటరి పైల్ కంటే ఎక్కువ.

కారణం చిన్నదే. మట్టి మెత్తబడితే పైల్ వంపు ఇంకా లోతు దాకా సాగుతుంది. మూమెంట్ భారం మీదే కాదు, ఆ పొడవు మీద కూడా ఆధారపడుతుంది. పట్టు లేని చోట కర్ర పాతి ఊపితే నేల మట్టానికి కింద ఎక్కడో వంగుతుంది కదా, అదే. నీడలో ఉన్న పైల్‌కి స్టీల్ కేజ్‌ని పైకే ఆపేసే అలవాటు ఉన్నవాళ్లు ఇది గమనించాలి.

పైగా భూకంపం ఒక దిక్కుకే ఊపి ఆగదు. ఇటు ఊపినప్పుడు వెనకున్న వరస, అటు ఊపినప్పుడు ముందుంటుంది. వరద నీరు ఒక వైపు నుంచే తోస్తుందంటే నిజమే, కానీ వంతెనకు బ్రేకుల భారం రెండు దిశల్లోనూ ఉంటుంది. అంచు పైల్ ప్రతిదీ ఏదో ఒక రోజు ముందు వరసే అవుతుంది. నేనైతే తొమ్మిదింటికీ ముందు వరస స్టీలే ఇస్తాను. సైట్‌లో కేజ్‌లు తారుమారయ్యే టెన్షన్ కూడా తప్పుతుంది.

0.5తో గుణిస్తే సేఫ్ అట

0.8, 0.4, 0.3ల సగటు 0.5, అది నిజం. కానీ అది మట్టికి పెట్టే గుణకం, తల మీది భారానికి కాదు. ఇసుకలో ఈ సరళరేఖ లెక్కకు భారం మీద ప్రభావం ఆ గుణకం యొక్క 0.6 ఘాతంగా వస్తుంది. అందుకే మట్టికి 0.3 పెడితే భారం 0.49కి తగ్గింది, 0.3కి కాదు. మొత్తాన్ని 0.5తో గుణిస్తే 355 వస్తుంది. 459 కంటే తక్కువ కాబట్టి గ్రూప్ మొత్తానికి సేఫ్‌గానే ఉంటుంది, డబ్బు కొంత వృథా. అయితే అందులో తొమ్మిది పైల్స్‌కీ సమానంగా పంచడం అన్న తప్పు అలాగే ఉండిపోతుంది. 355 వచ్చినా ముందు పైల్ మీద పడేది సగటు 39 కాదు, 53. పాత పుస్తకాల్లో 3డి దగ్గర అన్ని పైల్స్‌కీ 0.25 అని ఉంటుంది. దాన్ని కూడా కొందరు కెపాసిటీకే పెట్టేస్తారు. అది మట్టి బిగువును చెప్పే సబ్‌గ్రేడ్ మాడ్యులస్‌కి ఇచ్చిన అంకె.

ఇక "ఒక పైల్‌కి వచ్చిన" అనే మాట. అది టెస్ట్‌లో వచ్చిందే అనుకుందాం. రేణిగుంట దారిలో ఒక సైట్‌లో నేను దగ్గరుండి చూశాను. రెండు పైల్స్ మధ్య జాక్ పెట్టి, రెండింటినీ ఒకదాన్నుంచి ఒకటి దూరంగా నెట్టారు. కదలిక 12 మి.మీ. దాటేసరికి రెండు పైల్స్ వెనక నేల మీద వేలు దూరేంత సందు, ముందు మట్టి ఉబ్బి విసనకర్ర ఆకారంలో సన్నని పగుళ్లు. రిగ్ మేస్త్రీ గీతలు చూపించి, "చూడన్నా, ఇటు ఒకటి, అటు ఒకటి. రెండూ కలుసుకునేదే లేదు" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. అలాంటి టెస్ట్‌లో రెండు పైల్స్ మట్టి ఎదురెదురు దిక్కుల్లో విచ్చుకుంటుంది కాబట్టి నీడ పడనే పడదు. పైగా తల స్వేచ్ఛగా ఉంటుంది. ఐఎస్ 2911 నాలుగో భాగం చెప్పే సేఫ్ లోడ్ ఆ స్వేచ్ఛ తలకే: 5 మి.మీ. దగ్గరి భారం, లేదా 12 మి.మీ. దగ్గరి భారంలో సగం, ఏది తక్కువైతే అది.

మన పైల్‌కి తల స్వేచ్ఛగా ఉంటే 0.93 స్థానంలో 2.43 వస్తుంది. 5 మి.మీ.కి భారం 79 కాదు, సుమారు 30. ఈ 30ని తొమ్మిదితో గుణిస్తే 270, మన 459 కంటే తక్కువే. అంటే మెసేజ్ లెక్క ఒక్కోసారి తప్పు దారిలో వెళ్లి సేఫ్ దగ్గర ఆగుతుంది. కానీ క్యాప్‌లో పైల్ స్టీల్ సరిగ్గా పొడిగించకపోతే తల బిగుసుకోదు. అప్పుడు ఈ 270 కూడా ఉండదు, వరస నీడతో 175 దాకా పడిపోతుంది.

కుర్రాడికి చెప్పింది ఇదే. టెస్ట్‌లో 5 మి.మీ.కి 30 దగ్గర్లో వస్తే, నువ్వు తీసుకున్న nh 3 సరిగ్గా ఉందని అర్థం. టెస్ట్ నుంచి తీసుకోవలసింది ఆ nh మాత్రమే. దానికి వరసవారీగా 0.8, 0.4, 0.3 పెట్టి, క్యాప్‌తో కలిపి రెండు దిశల్లోనూ తోసి చూడు. మరునాడు ఫోన్ చేశాడు. ముందు వరస మూమెంట్ చూసి ఆరు బార్లు ఎనిమిది చేశాడట, 1.8 మీటర్ల దూరాన్ని మాత్రం మార్చలేదట. క్యాప్ వెడల్పుకి స్థలం లేదన్నాడు. అది వేరే తగవు.