బీరువా వెనక సత్యం

నేను అబద్ధం ఆడను. మొన్న ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని మా పాత ఫ్లాట్‌ని 62 లక్షలకు అమ్మాను, ఆ బేరంలో కూడా ఆడలేదు. ఈ మాట విని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ నవ్వొచ్చినప్పుడు అక్కడికే వెళ్తుంది.

ఈ చరిత్రంతా ఇప్పుడు ఎందుకంటే, మా మేనల్లుడు ఎంబీఏ చదువుతున్నాడు. వాడికి బిజినెస్ ఎథిక్స్ అనే సబ్జెక్టు ఉంది. ఆ రెండు మాటలూ ఒకే పుస్తకం అట్ట మీద ఎలా పట్టాయో నాకు తెలియదు. "బేరంలో బ్లఫ్ చేయడం అబద్ధమేనా? దాచిపెట్టడం అంతకంటే మేలా?" అన్నది వాడికిచ్చిన అసైన్‌మెంట్. నిజజీవితం నుంచి ఒక ఉదాహరణ కావాలట. "మామయ్యా, మీరు ఈ మధ్యే ఇల్లు అమ్మారు కదా" అంటూ ఒక ఆదివారం పొద్దున్నే దిగాడు. నీతి విషయంలో నన్ను సంప్రదించాలని ఒకరికి తోచడం నా జీవితంలో అదే మొదటిసారి. రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టించాను.

ముందు చివరి ధర సంగతి చెప్పాను. నా మనసులో 58 ఉంది. అంతకు ఒక్క రూపాయి తగ్గినా అమ్మేవాణ్ణి కాదు. కొనడానికి వచ్చినాయనతో మాత్రం "65 అండీ, ఫైనల్. పైసా తగ్గదు" అన్నాను. ఆయన కాసేపు సీలింగ్ ఫ్యాను వైపు చూసి "61 దాటితే నావల్ల కాదండీ, బ్యాంకు లోన్ కూడా రాదు" అన్నాడు. తర్వాత ఈశాన్యం కొంచెం తగ్గిందన్నాడు. బేరం కుదరకపోతే ఈశాన్యం ఇంకా తగ్గేదే. ఆయన లేచి లిఫ్ట్ దగ్గరికి వెళ్లాడు. నేనూ చెప్పులు వేసుకుని, ఏదో పని ఉన్నట్టు కిందికి బయల్దేరాను. ఆ లిఫ్ట్ నాలుగో అంతస్తు నుంచి సెల్లారుకు దిగేలోపు 62 దగ్గర కలిశాం.

రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా టీ తాగుతూ నేనే బయటపెట్టాను, 58కైనా ఇచ్చేవాణ్ణని. ఆయన పెద్దగా నవ్వి, తను 66 దాకా వచ్చేవాణ్ణన్నాడు. అంటే ఇద్దరికీ మధ్య 8 లక్షల జాగా ఉంది, సరిగ్గా సగానికి తెగింది. ఆయనకి నాలుగు మిగిలాయి, నాకు నాలుగు మిగిలాయి. ఇద్దరమూ నాలుగు లక్షలు పోగొట్టుకున్న మొహాలతో టీ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని కొట్టుకున్నాం.

మేనల్లుడు నోట్సులో ఏదో రాసుకుని, ఇది ఆల్బర్ట్ కార్ చెప్పినదేనన్నాడు. అమెరికాలో ప్రెసిడెంట్ ట్రూమన్ దగ్గర పనిచేసిన ఈయన 1968లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడట. వ్యాపారం పేకాట లాంటిదని, పోకర్‌లో చేతిలో ముక్క లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచడాన్ని ఎవరూ మోసం అనరని ఆయన వాదన. నిజం చెప్తారని ఎవరూ ఎదురుచూడని చోట చెప్పింది అబద్ధం కాదన్నమాట. ఆ క్షణం నుంచి కార్ గారు మా ఇంటి మనిషి అయిపోయారు.

"కానీ మామయ్యా, పేకాటలో కూడా ముక్కల మీద గుర్తులు పెట్టుకుంటే తంతారు" అన్నాడు వాడు. ఈ కాలం పిల్లలకి సగం చదివి ఊరుకోవడం తెలియదు.

రెండో సంగతి, పోటీదారు. మా బ్రోకర్ మొదటిరోజే నాకు ఉపదేశం చేశాడు. "సార్, ఇంకో పార్టీ 64 ఇస్తానన్నారని చెప్పండి, దెబ్బకి దిగొస్తారు" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. లేని మనిషిని పుట్టించడం బ్రహ్మదేవుడి పని. అందుకని ఆ వచ్చినాయనతో "ఇంకొకరు కూడా చూసి వెళ్లారండీ, వాళ్లకి బాగా నచ్చింది" అని మాత్రమే అన్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ముందురోజు మా బావమరిది భోజనానికి వచ్చాడు. ఇల్లంతా చూశాడు. బాగా నచ్చిందన్నాడు. ఏటా అదే మాట అంటాడు.

ఆ బ్రోకర్ సలహా పాటించి ఉంటే ఏమయ్యేదో మేనల్లుడు చెప్పాడు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక షాపు యజమాని, అద్దెకున్నవాడితో ఫలానా ఆయన ఏడాదికి 10 వేల డాలర్లు ఇస్తానన్నాడని చెప్పాడు. అలాంటి ఆఫరే లేదు. ఖాళీ చేయాల్సి వస్తుందన్న భయంతో ఉన్నవాడు అంత అద్దెకూ ఒప్పుకున్నాడు. తర్వాత సంగతి తెలిసి కోర్టుకెక్కాడు. 1952లో అక్కడి సుప్రీం కోర్టు, ఇది బేరంలో మామూలుగా దొర్లే మాట కాదు, మోసమేనంది. "నేను ఇంతకు తక్కువ ఒప్పుకోను" అన్నది నీ మనసు గురించి. మనసు గంటకోసారి మారుతుంది, అవతలివాడు దాన్ని నమ్మి డబ్బు పెట్టడు, తన లెక్క తను వేసుకుంటాడు. "ఫలానావాడు ఇంత ఇస్తానన్నాడు" అన్నది బయట లోకంలో ఉన్న విషయం. అది ఉంటుంది, లేదా ఉండదు. దాన్ని నమ్మితే అవతలివాడి లెక్కే మారిపోతుంది.

"మరి మీ బావమరిది, అదే మా నాన్న, ఏ ఖాతాలోకి వస్తాడు మామయ్యా?" అన్నాడు.

ధర్మరాజు ఖాతాలోకి అన్నాను. ఆయన అశ్వత్థామ చచ్చిపోయాడన్నాడు, ఏనుగు అన్న ముక్క మెల్లగా అన్నాడు. ప్రతి మాటా నిజమే. అంత మహానుభావుడే చేయగా లేనిది నేనెంత? వాడు వదల్లేదు. ఆ మాట అన్నాక నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం కిందికి దిగిపోయిందని గుర్తుచేశాడు. నాకొచ్చిన నష్టమేమీ లేదు. నా స్కూటర్ మొదటినుంచీ నేలమీదే నడుస్తోంది.

అప్పుడు శుక్రాచార్యుణ్ణి దింపాను. బలి చక్రవర్తికి ఆయన బొంకదగ్గ సందర్భాల పట్టిక ఇచ్చాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లి విషయంలో, ప్రాణానికో డబ్బుకో పరువుకో నష్టం వచ్చేటప్పుడు బొంకినా పాపం లేదన్నాడు. మన బడిలో బట్టీ పట్టించిన కొద్ది పద్యాల్లో జనం నిజంగా ఆచరిస్తున్నది ఇదొక్కటే. డబ్బుకి నష్టం వచ్చేటప్పుడు అంటే ప్రతి బేరమూ వచ్చేసింది కదా. వామనుడికి మూడడుగులు లేవంటే సరిపోయేదానికి బలి వినలేదు, పాతాళానికి పోయాడు. నేను వినే రకం.

ఇక మూడోది. ఇందులోనే నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు, కాబట్టి ఇందులోనే నా నిజాయితీ పూర్తిగా బయటపడుతుంది.

మా వెనక పడగ్గది గోడకి చెమ్మ ఉంది. పైఅంతస్తు వాళ్ల బాత్రూంలో ఎక్కడో పైపు కారుతుంది. వానాకాలంలో గోడమీద మచ్చ పెద్దదవుతుంది, సున్నం పొరలు పొరలుగా లేస్తుంది. శివరాత్రికి ఆరిపోతుంది. బాగు చేయాలంటే మా గోడ కాదు, వాళ్ల బాత్రూం నేల పగలగొట్టాలి. పైఆయన మూడేళ్లుగా "చూద్దాంలెండి" అంటున్నాడు. అమ్మకానికి పెట్టేముందు ఆ గోడకి పుట్టీ పెట్టించి, లప్పం సాఫు చేసి, రెండు కోట్లు రంగు వేయించాను. ఎందుకైనా మంచిదని మా ఆవిడ బీరువాని అక్కడికి జరిపించాను. వచ్చినాయన గది చూశాడు. గోడల గురించి ఏమీ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం మర్యాద కాదు.

పైగా చట్టం నా వైపే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉంది. దానికి జబ్బుందని తెలిసీ అమ్మేవాడు వేలంలో ఏమీ మాట్లాడకుండా అమ్మేస్తాడు. అది మోసం కాదని చట్టమే రాసింది. ఊరికే నోరు మూసుకోవడం నేరం కాదు. నూటయాభై ఏళ్లుగా ఆ గుర్రం ఎక్కని వ్యాపారి లేడు.

మేనల్లుడు ఫోన్ తీసి అదే సెక్షన్ మిగతాది చదివాడు. కొనేది సొంత కూతురైతే ఆ గుర్రం జబ్బు చెప్పితీరాలట. కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అన్నప్పుడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానమట. అదీగాక, తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పిపెడితే అది మౌనం కాదు, మోసం కిందికే వస్తుందట. "గుర్రం ముందు బీరువా పెట్టినట్టు ఆ కథలో ఎక్కడా లేదు మామయ్యా" అన్నాడు.

"ఆయన బీరువా జరిపి చూసుకోవచ్చు కదరా, వద్దన్నానా?"

"ఎవరింటికైనా వెళ్లి బీరువా జరపమంటారా? అందులో అత్తయ్య నగలుంటాయి."

నగలు లేవని, లాకర్లో ఉన్నాయని చెప్పబోయి ఆగిపోయాను. కొన్ని సత్యాలు దాచుకోవాలి. ఇంతలో వాడు ఇంకో బాంబు వేశాడు. గుర్రాలకీ సరుకులకీ ఒక పద్ధతి, ఇళ్లకీ స్థలాలకీ ఇంకోటట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని పెద్ద లోపం ఏదైనా అమ్మేవాడికి తెలిస్తే, అడక్కపోయినా చెప్పాలి. చెప్పకపోవడమే మోసం. గోడమీద పగులు కళ్లకు కనిపిస్తే ఆయన చూసుకోవాలి, కనిపించని చెమ్మ నేను చెప్పాలి. కనిపించేదాన్ని కనిపించకుండా చేసింది నేనే కాబట్టి ఇక చెప్పేదేముంది?

ఆ తర్వాత వాడు కాగితం మీద ఒక గీత గీశాడు. ఒక చివర 58, ఇంకో చివర 66. "మీరు 65 ఫైనల్ అన్నది ఈ గీతలో ఎవరి వాటా ఎంతని గుంజుకోవడం. ఎక్కడ తెగినా ఆయనకి ఇల్లు లాభమే. చెమ్మ సంగతి, పైఆయన సంగతి తెలిస్తే ఆయన మహా అయితే 60 పెడతాడనుకోండి. అప్పుడు గీత 58 నుంచి 60 వరకే. మీరు అమ్మిన 62 అసలు గీత మీదే లేదు. ఆయన ఆ ధరకి ఒప్పుకోలేదు మామయ్యా, ఇంకేదో ఇంటికి ఒప్పుకున్నాడు."

మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చి "ఆ టీ కొట్టు దగ్గర 58 సంగతి నవ్వుతూ చెప్పారుగా, గోడ సంగతి కూడా చెప్పకపోయారా?" అంది. టీ చల్లారిపోతోందని చెప్పలేదన్నాను. నిజానికి చాలా వేడిగా ఉంది.

మేనల్లుడు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. అసైన్‌మెంట్‌లో నా పేరు రాయనని, "ఒక అమ్మకందారు" అని రాస్తానని హామీ ఇచ్చాడు. దాచడం వల్ల ఉపయోగం ఏమిటో వాడికీ అర్థమవుతోందని సంతోషించాను.

ఇది జరిగి నెలైంది. ఇప్పుడు జూలై, వారం రోజులుగా ముసురు. నిన్న రాత్రి ఆ కొన్నాయన వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. మచ్చ నాకు బాగా తెలుసు, ఈసారి కొంచెం కిటికీ వైపు పెరిగింది. కింద ఇలా రాశాడు: "నమస్తే అండీ. ఈ చెమ్మ సంగతి మీకు ముందు తెలియదనే అనుకుంటున్నాను. తెలియదని ఒక్క మాట చెప్పండి చాలు. మీరేమీ చెప్పకపోతే తెలుసనే అనుకుంటాను."

నేను ఏమీ రాయలేదు. కానీ నీలం టిక్కులు పడిపోయాయి.