‘తిన్నావా?’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘తిన్నావా?’ గారి దివ్య సముఖమునకు,

తమరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. కారణం తమరే కాబట్టి మధ్యలో ఎవరినీ పెట్టకుండా నేరుగా తమకే రాసుకుంటున్నాను.

మొన్న శనివారం మధ్యాహ్నం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బిర్యానీ కోసం నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం, నేనూ కొత్తాయనా. కొత్తాయన అంటే రెండు నెలల కొత్త. ఇంకా లెగ్ పీస్ తను తీసుకోకుండా నా ప్లేట్లో వేసేంత కొత్త. సరిగ్గా ఆ లెగ్ పీస్ గరిటె మీద ఉండి, గరిటె నా ప్లేటు మీదకు వస్తున్నప్పుడు, రైతా గిన్నె పక్కన వెల్లకిలా పడున్న నా ఫోన్ వెలిగింది. తెర మీద తమరు ప్రత్యక్షం.

‘ఎత్తొద్దు: తిన్నావా?’

‘ఎత్తొద్దు’ అనేది పాతాయన పేరు. అంటే అమ్మానాన్నా పెట్టింది కాదు, విడిపోయిన రాత్రి నేను ఫోన్‌లో పెట్టింది. కొత్తాయన చదివాడు. చదవకుండా ఎలా ఉంటాడు, అంత పెద్ద అక్షరాలు! “ఎవరు?” అన్నాడు. నోట్లో ఇంకా ముద్ద కూడా పెట్టుకోలేదు, అబద్ధం మాత్రం వచ్చేసింది. “అమ్మ.”

మూడు నిమిషాలు కూడా కాలేదు. ఫోన్ మోగింది. తెర మీద ‘అమ్మ’. ఎత్తితే మొదటి మాట, “తిన్నావా?”

కొత్తాయన మిర్చీ కా సాలన్ వైపు చాలా శ్రద్ధగా చూశాడు. ఆ గిన్నెలో ఏం కనబడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అయ్యా, తమ మీద నాకు చిన్నచిన్న ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. పండగ రోజు తమరు బంధువుల్ని వెంటేసుకుని వస్తారు, ‘హ్యాపీ ఉగాది, ఆంటీకి కూడా చెప్పు’ అంటూ. వాన పడితే ‘అక్కడ కూడా పడుతోందా’ అని వేషం మారుస్తారు. ఇద్దరం ఒకే ఊళ్లో, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నాం, పడక ఎక్కడికి పోతుంది? ఇక నా ఇడ్లీ పాత్ర ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది. విడిపోయిన ఏడు నెలల్లో దాని గురించి తమరు అయిదుసార్లు కబురు తెచ్చారు. పాత్ర మాత్రం ఒక్కసారీ తేలేదు. అవన్నీ వదిలేస్తాను. కానీ నా చేత ఆ టేబుల్ దగ్గర అబద్ధం ఆడించారు చూశారా, అది వదలలేను.

ఎందుకంటే అందులో దాచాల్సింది ఏముంది? ఏమీ లేదు. ‘ఐ మిస్ యూ’ అని వస్తే చూపించి “చూడు, ఈ గోల” అని నవ్వేసేదాన్ని. బూతులొస్తే బ్లాక్ చేసేదాన్ని. తమరు ఈ రెండూ కాదు. మూడక్షరాలు, ఒక ప్రశ్నార్థకం. కోప్పడితే ‘తిన్నావా అని అడగడం కూడా తప్పేనా’ అంటారు. అవును మరి, తప్పెలా అవుతుంది? చుట్టం, శత్రువు, లిఫ్టులో కనబడ్డ పక్క ఫ్లాటాయన, ఎవరైనా అడిగే మాట. అందుకే జవాబివ్వకపోతే నేను రాక్షసిని, ఇస్తే మాత్రం మళ్లీ మొదలు.

ఆ రాత్రి కూర్చుని పాత చాట్ పైకి జరుపుకుంటూ లెక్కబెట్టాను. గత నాలుగు నెలల్లో తమరు నలభై ఒక్కసార్లు వచ్చారు. నేను తొమ్మిదిసార్లు జవాబిచ్చాను. ‘ఊ’, ‘ఆ’, ‘తిన్నా’, ఒక బొటనవేలు, ఒకసారి జ్వరంలో ఉండి ఏకంగా ‘నువ్వు?’ అని కూడా. తొమ్మిదే కదా అనుకున్నాను. అక్కడే ఉంది తిరకాసు.

స్కిన్నర్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు, పావురాలతో ప్రయోగాలు చేసినాయన. పావురం ఒక బిళ్లను ముక్కుతో పొడిస్తే గింజ పడుతుంది. పొడిచిన ప్రతిసారీ గింజ వేసి, ఒకరోజు ఆపేస్తే, అది కాసేపు పొడిచి ఇక లేదని త్వరగానే మానేస్తుంది. అదే ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒకసారి మూడో పోటుకి, ఒకసారి పదిహేనో పోటుకి వేస్తూ వచ్చి ఆపేస్తే? చాలాసేపు మానదు. ఈసారి పడుతుందేమో, ఇంకోసారికి పడుతుందేమో అని పొడుస్తూనే ఉంటుంది. నేను ‘పాపం, పదిసార్లు అడిగాడు, ఒక్కసారైనా ఊ అందాం’ అనుకున్న ప్రతిసారీ చేసింది ఇదే. పొడుస్తూ ఉంటే ఎప్పుడో ఒకసారి గింజ పడుతుందని నేర్పించాను. రోజూ జవాబిచ్చి ఒక్కసారిగా మానేసినా ఆయన ఇంతకంటే త్వరగా ఊరుకునేవాడు.

ఇంకో నిజం కూడా ఇక్కడే ఒప్పేసుకుంటాను. మార్చిలో తమరు వరసగా ఆరు రోజులు రాలేదు. ఏడో రోజు రాత్రి ఫోన్ తీసి నెట్ ఉందా లేదా అని చూసుకున్నాను. పావురాలు రెండు వైపులా ఉన్నాయన్నమాట.

ఇక మర్యాద చాలు. నువ్వు అనే అంటాను.

నిన్ను వదిలించుకోడానికి నేను పడ్డ పాట్లు చూడు. మొదట మ్యూట్ చేశాను. శబ్దం పోయింది కానీ చాట్ తెరిచిన ప్రతిసారీ పైవరసలో నువ్వే. ఆర్కైవ్ చేశాను. లోపలెక్కడో దాక్కున్నావు, కానీ ఉన్నావని నాకు తెలుసు, వారానికోసారి వెళ్లి చూసొచ్చాను. నీలి టిక్కులు తీసేశాను. దాంతో నాకూ ఎవరివీ కనబడటం మానేశాయి, మా మేనేజర్ నా లీవు మెసేజ్ చూశాడో లేదో తెలియక రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఇవన్నీ నిన్ను నాకు కనబడకుండా చేసే పనులు. నువ్వు రాకుండా చేసే పని ఒక్కటీ కాదు. ఎందుకంటే ‘రావద్దు’ అని ఆయనతో నేను ఒక్కసారి కూడా అనలేదు.

ఆదివారం ఆ మాట రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతి ‘సారీ, తప్పుగా అనుకోకు’తో మొదలైంది. తీసేశాను. సారీ అంటే ‘పర్లేదు లే, తిన్నావా?’ అని వస్తుంది. రెండో ప్రతిలో ‘నాకు కొంచెం టైమ్ కావాలి’ అని ఉంది. అదీ తీసేశాను. టైమ్ అడిగితే గడువిచ్చినట్టే, నెల తిరగ్గానే ‘టైమ్ అయిందా?’ అని వస్తావు. మూడో ప్రతిలో ‘నేను ఇప్పుడు ఒకరిని కలుస్తున్నాను’ అని రాశాను. ఇది తీసేయడానికే గంట పట్టింది, ఎందుకంటే అది నిజం, పైగా రాస్తుంటే కాస్త గర్వంగా కూడా ఉంది. కానీ ఆ వాక్యంతో సంగతి మా ఇద్దరి మధ్య నుంచి వాళ్లిద్దరి మధ్యకు పోతుంది. ఎవరు, ఎప్పట్నుంచి, నాకంటే ఏం ఎక్కువ అని విచారణ మొదలు. అంతేకాదు, కొత్తాయన లేకపోతే నువ్వు రావచ్చు అని ఒప్పుకున్నట్టు కూడా. ఆయన ఉన్నా లేకపోయినా నువ్వు నాకు అక్కర్లేదు.

చివరికి మిగిలింది ఇంతే: ‘ఇకనుంచి నీ మెసేజ్‌లకు జవాబివ్వను. నాకు మెసేజ్‌లు, కాల్స్ చేయకు. ఇడ్లీ పాత్ర వాచ్‌మన్ దగ్గర ఇచ్చేస్తే చాలు.’ పంపించి, తెర ఫొటో తీసి దాచుకున్నాను. మా లాయర్ పిన్ని సలహా అది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ఉందట. ఆడమనిషి ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా మగవాడు పదేపదే వెంటపడి మాట కలపబోతే నేరం, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. “‘స్పష్టంగా’ అన్న మాట చూసుకో అమ్మడూ, నీ ‘ఊ’లు పట్టుకెళ్తే పోలీసులు నిన్నే ప్రశ్నలు వేస్తారు” అంది. పాతాయన అంత దూరం పోయే రకం కాదు. బెదిరింపులు, ఫొటోలు బయటపెడతానడాలు అయితే ఈ లేఖ రాసేదాన్నే కాదు, నేరుగా షీ టీమ్స్‌కు వెళ్లేదాన్ని.

ఆ తర్వాత ఏమైంది? తగ్గావా? రెట్టింపయ్యావు. గింజ పూర్తిగా ఆగిపోతే పావురం మొదట్లో ఇంకా గట్టిగా పొడుస్తుంది, మానేసే ముందు చేసే గోల అది. మామూలుగా మూడు రోజులకోసారి వచ్చేదానివి, సోమవారం ఒక్కరోజే పద్నాలుగుసార్లు. ‘తిన్నావా?’, ‘కనీసం తిన్నావా?’, ‘తిన్నావో లేదో చెప్పు చాలు’. అక్కడ మనసు కరిగి ఒక్క ‘ఊ’ అన్నానా, పద్నాలుగుసార్లకు గింజ అని రేటు పెంచినట్టే. అనలేదు. బ్లాక్ చేశాను. బ్లాక్‌లో ఉండగా వచ్చిన మెసేజ్‌లు తర్వాత బ్లాక్ తీసేసినా రావట, అక్కడే ఒక్క టిక్కుతో ఉండిపోతాయి. ఈ ఒక్క సంగతి తెలిసి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

బుధవారం పొద్దున యూపీఐలో నా ఖాతాకు ఒక రూపాయి జమైంది. నోట్‌లో ‘తిన్నావా?’

సిగ్గుండాలి కదే నీకు! బ్యాంకులో దూరావా? తిరిగి పంపిద్దామంటే అదీ జవాబే అవుతుంది. పేమెంట్ యాప్‌లో కూడా బ్లాక్ చేశాను. రూపాయి మాత్రం ఇంకా నా ఖాతాలోనే ఉంది, దానికి వడ్డీ కూడా వస్తోందేమో.

శనివారం సంగతి మిగిలిపోయింది. బిర్యానీ తిని మెట్రో మెట్లెక్కుతుంటే కొత్తాయనతో చెప్పేశాను, “మెసేజ్ పెట్టింది అమ్మ కాదు.” తెలుసన్నాడు. “అమ్మలు తిన్నావా అని మెసేజ్ పెట్టరు, ఫోన్ చేస్తారు. ఇంతకీ ఆంటీ పేరు ఎత్తొద్దా?” ఎవరు, ఎన్నాళ్లకోసారి వస్తుంది, నేనేం జవాబిస్తున్నాను, మూడూ చెప్పాను. మూడోదానికి కాస్త మొహం మాడ్చుకున్నాడు. అమీర్‌పేట దాకా మాట్లాడలేదు. ఫోన్ చూపించమని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఆయనకు వేరే లేఖ ఉండేది.

నిన్న సాయంత్రం వాచ్‌మన్ ఇడ్లీ పాత్ర తెచ్చిచ్చాడు. నాలుగు ప్లేట్లుండాలి, మూడే ఉన్నాయి. అడగను. అడిగితే నేనే పొడిచినట్టు. మూడు ప్లేట్లకు పన్నెండు ఇడ్లీలు, ఇద్దరికి ఎక్కువే.

ఒక్కటి మాత్రం నీ మీద బాధగా ఉంది. నువ్వు మా అమ్మ మాటవి, పెరట్లోంచి కేకేసే మా అమ్మమ్మ మాటవి. ఎవరి చేతుల్లో పడ్డావో చూసుకో. రాత్రి కొత్తాయనకు మెసేజ్ పెడదామని ఫోన్ తీస్తే వేళ్లు వాటంతటవే ‘తిన్నావా?’ అని కొట్టేశాయి. కాసేపు చూసి, చెరిపేసి, ‘ఏం తిన్నావ్?’ అని పంపాను.

‘పొద్దుటి ఉప్మా,’ అని వచ్చింది. ‘ఎత్తొచ్చు అనిపిస్తే ఫోన్ చెయ్.’

ఇట్లు,
తిన్నదాన్ని