“కనెక్టెడ్” అంది, ఎవరికో చెప్పలేదు

డబ్బీ మూత తెరిచి ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకోగానే ఒక గొంతు పలుకుతుంది: “కనెక్టెడ్.” ఆ మాటలోని ధీమాకి ముందు నమస్కారం పెట్టాలి. ఎవరికి కనెక్టయ్యావు తల్లీ అంటే మాత్రం మౌనం. పెళ్లయిందని శుభలేఖ అచ్చేసి, వరుడి పేరు దగ్గర ఖాళీ వదిలేసినట్టుంటుంది వ్యవహారం.

మొన్న పొద్దున ఆఫీసు మీటింగు. ల్యాప్‌టాప్ తెరిచాను, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను, “కనెక్టెడ్” అంది. తెర మీద మా మేనేజరుగారు చాలా గంభీరంగా ఏదో చెబుతున్నారు. పెదాలు కదులుతున్నాయి. నా చెవిలో బాతు అరుస్తోంది.

నిజం బాతు కాదు, కార్టూన్ బాతు. ఆయన చెయ్యి పైకెత్తినప్పుడల్లా అది కాసింత గట్టిగా అరుస్తుంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుంటే ఎవరో కొండమీంచి పడ్డ చప్పుడు. ఆ రెండు నిమిషాలు, ఒట్టు, మా ఆఫీసులో అంత అర్థవంతమైన మీటింగు నేనెప్పుడూ వినలేదు. ఇంతలో బాతు అరుపు రెట్టింపైంది. ఎందుకంటే పక్కగదిలో మావాడు ట్యాబ్ పట్టుకుని, బొమ్మ కదులుతోంది గానీ సౌండు రావట్లేదేమని, వాల్యూమ్ పెంచుకుంటూ పోతున్నాడు. వాడు పెంచిందంతా నా చెవిలోకి. మేనేజరుగారు నన్నేదో అడిగినట్టున్నారు, తెర మీద తలలన్నీ నావైపు తిరిగాయి. నేను మైకు తెరిచి ఉందన్న సంగతి మరిచి అరిచాను: “ముందు ఆ బాతు నోరు మూయించు!”

తెర మీద పెదాలు కదలడం ఆగిపోయింది.

దీనికి కారణం నా గ్రహచారం అనుకున్నాను. కాదు, కిందటి రాత్రి. వాడి కార్టూన్ గోల భరించలేక ఇవే ఇయర్‌ఫోన్స్‌ని నేనే ట్యాబ్‌కి కలిపి వాడి చెవిలో పెట్టాను. ఇయర్‌ఫోన్స్ నిద్ర లేవగానే మీ ముఖం చూడవు. చివరిసారి ఎవరితో ఉన్నాయో వాళ్లనే ముందు పిలుస్తాయి. ట్యాబ్ గోడవతల ఉన్నా పలికింది. ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్ వెర్రిముఖం వేసింది.

ఈ బ్లూటూత్ అన్న పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్‌ది. రాజ్యాన్ని ఏకం చేశాడు కాబట్టి అన్ని పరికరాలనూ ఏకం చేస్తుందని ఆ పేరు పెట్టారు. ఆ రాజుగారి మీద చివరికి సొంత కొడుకే తిరగబడ్డాడన్న సంగతి మాత్రం డబ్బా మీద వేయరు. మా ఇంట్లో చరిత్ర ఉన్నదున్నట్టు జరుగుతోంది.

అసలు చిక్కు, జత చేయడం వేరు, కనెక్ట్ కావడం వేరు అని మనకెవరూ చెప్పకపోవడం. జత చేసినప్పుడు రెండు పక్షాలూ ఒక రహస్య తాళంచెవి రాసుకుని చెరొక చోట దాచుకుంటాయి. ఇక జన్మలో మళ్లీ పరిచయం అక్కర్లేదు, ఆ తాళంచెవితోనే కలుసుకుంటాయి. మనం చేసే ఘనకార్యం ఏమిటంటే, తేడా రాగానే ఫోన్‌లో `Forget` నొక్కి చేతులు దులుపుకోవడం. ఫోన్ మరిచిపోయింది, సరే. ఇయర్‌ఫోన్స్ మరిచిపోలేదు. ల్యాప్‌టాప్, ట్యాబ్ అసలే మరిచిపోలేదు. తిరకాసు రెండోవైపు నుంచీ రావచ్చు: ఇయర్‌ఫోన్స్‌ని రీసెట్ చేసి ఫోన్‌లో పాత పేరు వదిలేస్తే, జాబితాలో పేరు కనిపిస్తుంది, నొక్కితే కాసేపు తిరుగుతుంది, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. తాళం మార్చిన ఇంటికి పాత చెవితో వెళ్లడమే అది. వందసార్లు నొక్కినా తెరుచుకోదు.

అందుకని ఆ సాయంత్రం ఇంట్లో సామూహిక విడాకులు జరిపించాను. ఫోన్, ల్యాప్‌టాప్, ట్యాబ్ మూడింట్లోనూ ఇయర్‌ఫోన్స్ పేరు తీసేశాను. మూడింట్లోనూ బ్లూటూత్ ఆపేశాను. ఇది ముఖ్యం, లేకపోతే కొత్త జత కుదురుతుండగానే పాతవాళ్లు మధ్యలో దూరతారు. తర్వాత ఇయర్‌ఫోన్స్‌ని రీసెట్ చేశాను. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. నావాటికి రెండూ డబ్బీలో పెట్టి, మూత తెరిచి ఉంచి, బటన్‌ని లైటు రంగు మారేదాకా నొక్కిపట్టాలి. మీవాటి సంగతి వాటితో వచ్చిన కాగితంలో ఉంటుంది, ఆ చీమతలకాయల అక్షరాల్లో. ఆ కాగితాన్ని పారేయకుండా ఉంచినవాళ్లు ఎవరైనా ఉంటే.

అప్పుడు ఫోన్ ఒక్కదాంట్లోనే బ్లూటూత్ వేసి, పక్కనే పెట్టుకుని, జత చేశాను. ఒక పాట పెట్టి మొత్తం విన్నాను. “కనెక్టెడ్” అన్న మాటని సాక్ష్యంగా తీసుకోవడం మానేశాను, పాటే సాక్ష్యం. ఆ తర్వాతే ల్యాప్‌టాప్: ఇయర్‌ఫోన్స్‌ని మళ్లీ చేత్తో జత చేసే స్థితిలో పెట్టి, ఫోన్ బ్లూటూత్ కాసేపు ఆపి, కలిపాను. ఒకేసారి ఇద్దరితో ఉండే మల్టీపాయింట్ సదుపాయం నావాటికి ఉంది, వాటి యాప్‌లో ఆన్ చేశాక రెండూ కుదిరాయి. అయితే అది ఇద్దరితో ఉండటమే గానీ ఇద్దరి మాటా ఒకేసారి వినిపించడం కాదు. ల్యాప్‌టాప్‌లో పాట వస్తుండగా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చి “టింగ్” అంటే చాలు, కొన్ని ఇయర్‌ఫోన్స్ పాటని వదిలేసి టింగుని వరిస్తాయి. చెడిపోయాయని కంగారుపడకండి. పాట మధ్యలో ముక్కలైతే దూరమో అడ్డమో కారణం. మన ఒంట్లోని నీరు ఆ తరంగాల్ని మింగేస్తుంది కాబట్టి వెనకజేబులోని ఫోన్‌ని ముందుజేబులోకి మార్చి చూడండి. ముక్కల్లేకుండా శుభ్రంగా ఆగిపోతే, అవతల ఇంకెవరో లాక్కున్నారు.

మీటింగులో గొంతులన్నీ బావిలోంచి వచ్చినట్టుంటే అది మూడో రకం. ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్స్ మైకు తెరిచిందన్నమాట. వినడం, మాట్లాడడం రెండూ మొయ్యాల్సి వచ్చేసరికి బ్లూటూత్ పాటల దారి వదిలి ఫోన్ మాటల దారి పట్టి, నాణ్యత తగ్గించేస్తుంది. మీటింగు యాప్‌లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకునే ఎంచుకుంటే చాలావరకు బావిలోంచి బయటపడతారు.

ఇదంతా నేను నేర్చుకోవాల్సిన విద్యా? నా కోపమంతా ఇక్కడే. అవతల ఉన్నది ఫోనో ట్యాబో దానికి తెలుసు. తెలియకుండా ఎలా కలుస్తుంది? దాని పేరు కూడా దానికి తెలుసు. “కనెక్టెడ్” అని గంట కొట్టినట్టు చెప్పగలిగిన నోటికి “ట్యాబ్‌కి కనెక్టెడ్” అనడానికి ఏం అడ్డం? నిద్రలేపిన ప్రతిసారీ ఆ గొంతు వినిపించడానికి తీరిక ఉంది, బ్యాటరీ ఉంది. మనకి పనికొచ్చే ఒక్క మాట చెప్పడానికి మాత్రం లేదు. చెవిలో దూరేంత చిన్న వస్తువులో కంప్యూటర్‌ని కూర్చోబెట్టిన మహానుభావులకి, చెవి గలవాడు ఎవరి మాట వింటున్నాడో తెలుసుకోవాలనుకుంటాడన్న ఆలోచన రాలేదంటే, నేను నమ్మను. వచ్చింది. పట్టించుకోలేదు.

ట్యాబ్‌ని మళ్లీ జత చేయలేదు. వాడికి తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. నిన్న సాయంత్రం వచ్చి అడిగాడు: “నాన్నా, నీ ఇయర్‌ఫోన్స్ నా ట్యాబ్‌లో కనిపించట్లేదేంటి?”

“పాడైపోయాయి నాన్నా” అన్నాను, చెవిలో పాట కాస్త తగ్గించుకుని.