అవుట్‌పుట్ వస్తే చాలా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్రూపులో కోడ్ పడగానే వేరియబుల్ పేర్లు మార్చి సబ్మిట్ కొట్టేస్తున్నారు. అడిగితే "అవుట్‌పుట్ వచ్చిందిగా అన్నా" అంటారు. వస్తే సరిపోయిందా?

వరుసగా ఉన్న కొన్ని అంకెల మొత్తం K అవుతుందా అనే ప్రశ్నే చూడండి. మీరు దించేది స్లైడింగ్ విండో. అది కుడివైపు అంకెలను కలుపుకుంటూ పోయి, మొత్తం K దాటగానే ఎడమవైపు అంకెను తీసేస్తుంది. అన్నీ ధన సంఖ్యలైతే సరే. ప్లేస్‌మెంట్ టెస్టులో [4, -2] ఇచ్చి K = 2 అంటే? 4 కనబడగానే పారేసి, జవాబు లేదంటుంది. 4లోంచి 2 పోతే 2 కాదా! శాంపిల్ కేసులు పాసవుతాయి, హిడెన్ కేసులు పోతాయి. విండో ఎందుకు పనిచేస్తుందో ఎన్నడూ ఆలోచించని వాళ్లకు, ఇక్కడ మొదటి నుంచి వచ్చిన మొత్తాలను గుర్తుపెట్టుకునే ప్రిఫిక్స్ సమ్, హ్యాష్ మ్యాప్ కావాలని ఆ టెన్షన్‌లో ఎలా తడుతుంది?