గోడ మీద అంటించిన ఆ కాగితం నేను రాసిందే

మాది భీమవరం దగ్గర ఆక్వా మందుల గోడౌన్. సున్నం, మినరల్స్, ప్రోబయోటిక్స్, బ్లీచింగ్ అన్నీ మా దగ్గర దిగి, ఇక్కడి నుంచి చెరువు గట్ల మీదకి వెళ్తాయి. స్టాకుతో పాటు సేఫ్టీ కాగితాలు చూసేది కూడా నేనే. కంపెనీ పంపిన ఎంఎస్‌డీఎస్, అంటే ఆ రసాయనం గుణాలన్నీ 16 విభాగాల్లో రాసి ఉండే పత్రం, హమాలీలు చదవరు కాబట్టి తెలుగులో ఒక పేజీకి కుదించి గోడకి అంటించాను. చాలా గోడౌన్లలో ఇలాగే చేస్తారు. అలా కుదించడం ఎంత ప్రమాదమో పోయిన శ్రావణంలో కళ్లారా చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. రేకుల కింద మూలన కాల్షియం హైపోక్లోరైట్ డ్రమ్ము ఒకటి మూత సరిగ్గా పెట్టకుండా ఉండిపోయింది. రేకు సందులోంచి చుక్క చుక్కగా వాన నీళ్లు అందులో పడ్డాయి. మధ్యాహ్నానికి ముక్కు మండిపోయే వాసన, డ్రమ్ము పైన పలచగా పొగ. మా మేస్త్రీ బాబాయ్ పరిగెత్తుకెళ్లి చెంబుడు నీళ్లు పోశాడు. పొగ ఇంకా ఎక్కువైంది. ఇంకొకతను, నేల మీద ఏది ఒలికినా మనవాళ్లు చేసేదే చేశాడు. రెండు తట్టలు ఊక తెచ్చి కుమ్మరించాడు. కాసేపటికి ఆ ఊక అంచులు నల్లబడి రాజుకోవడం మొదలైంది. లారీ మీద వచ్చిన కుర్రాడు బయట బోరు గొట్టం లాక్కొచ్చి ఆపకుండా నీళ్లు కొడితే అప్పటికి చల్లారింది. డ్రమ్ములో అడుగున ఐదారు కిలోలే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. నిండు డ్రమ్ము అయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలదు.

బాబాయ్ కాస్త దగ్గాడు, మొహం కడుక్కున్నాడు, "ఏం లేదండీ, తగ్గిపోయింది" అని ఇంటికెళ్లిపోయాడు. రాత్రి రెండు గంటలకి ఊపిరాడక వాళ్లబ్బాయి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

మర్నాడు గోడ ముందు నిలబడి నేను రాసిన కాగితాన్ని మళ్లీ చదివాను. "ఇది ఆక్సిడైజర్. కళ్లకు, చర్మానికి హానికరం. చల్లని, పొడి ప్రదేశంలో నిల్వ చేయాలి. విరుద్ధ పదార్థాలకు దూరంగా ఉంచాలి. నీరు తగలనీయరాదు. మంటలు వస్తే తగిన సిలిండర్ వాడాలి. పీలిస్తే తాజా గాలిలోకి తీసుకెళ్లాలి." ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కానీ ఆ మధ్యాహ్నం బాబాయ్‌కి పనికొచ్చే ముక్క కూడా ఒక్కటి లేదు. షీటు చిన్నదైంది, అంతే. చేతిలో చెంబు పట్టుకున్న మనిషికి ఏం చేయాలో అందులో లేదు.

అసలు మొదటి తప్పు షీటు దగ్గరే జరుగుతుంది. మన దగ్గర "బ్లీచింగ్" అనే ఒక్క పేరుతో రెండు సరుకులు తిరుగుతాయి. ఒకటి సంచుల్లో వచ్చే మామూలు బ్లీచింగ్ పౌడర్, అందులో క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది. రెండోది డ్రమ్ముల్లో వచ్చే కాల్షియం హైపోక్లోరైట్, 65 నుంచి 70 శాతం. రవాణా నంబర్లు కూడా వేరు. మొదటిదానికి యూఎన్ 2208, రెండోది నీరు కలవని పొడి రకమైతే యూఎన్ 1748. హమాలీ నోట రెండూ బ్లీచింగే. నేను మొదట తెలుగు చేసింది సంచి సరుకు షీటు, మా దగ్గర రాజుకున్నది డ్రమ్ము సరుకు. కాబట్టి రాయడం మొదలుపెట్టే ముందు షీటులోని 1, 3, 14 విభాగాలు తీసుకెళ్లి డ్రమ్ము పక్కన నిలబడి, లేబుల్ మీది పేరు, శాతం, యూఎన్ నంబరు సరిపోల్చుకోండి. ఈ పని ఆఫీసు కుర్చీలో కూర్చుని చేసేది కాదు.

తర్వాత ప్రమాదం సంగతి. "ఆక్సిడైజర్" అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? ఈ పొడి తనంతట తాను కట్టెలా కాలదు. వేడెక్కితే ఆక్సిజన్ వదులుతుంది, ఆ ఆక్సిజన్‌తో పక్కనున్నది భగ్గుమంటుంది. అందుకే ఇప్పుడు మా కాగితంలో మొదటి వాక్యం ఇది: "ఈ పొడి తన పక్కన ఉన్నదాన్ని మండిస్తుంది." ఆ వెంటనే ఆ పక్కన ఉండేవి ఏవో మా గోడౌన్‌లో ఉన్న పేర్లతోనే రాశాను. ఊక, గోనె సంచులు, పురికొస, చేప నూనె, డీజిలు, రంపపు పొట్టు. షీటులో "సేంద్రియ పదార్థాలు" అని ఉంటుంది. ఆ మాటకి ఊక అనే అర్థం కూడా ఉందని నాకే తట్టలేదు, వాళ్లకెలా తడుతుంది?

"విరుద్ధ పదార్థాలు" అన్న మాటదీ ఇదే కథ. షీటు పదో విభాగంలో ఆమ్లాలు, అమ్మోనియా లవణాలు, ఇంకా కొన్ని ఉంటాయి. ఆమ్లం తగిలితే ఈ పొడి క్లోరిన్ వాయువు వదులుతుంది. మా గోడౌన్‌లో ఆమ్లం అంటే బాత్‌రూమ్ కడిగే యాసిడ్ క్యాను, అది సరిగ్గా ఇదే మూలన ఉండేది. ఇంకొకటి చెప్పాలి. టీసీసీఏ బిళ్లలు కూడా క్లోరిన్ సరుకే కదా అని రెండూ పక్కపక్కనే పేర్చేవాళ్లం. ఒకే కుటుంబం అనిపిస్తుంది, కానీ ఈ రెండూ కలిసి కాస్త తడి తగిలితే పేలిపోగలవు. ఒకదానికి వాడిన గరిట ఇంకోదానిలో పెట్టినా ప్రమాదమే. ఇప్పుడు రెండూ రెండు వేరు గదుల్లో, వేరు గరిటెలతో ఉన్నాయి. కాగితంలో కూడా "విరుద్ధ పదార్థాలు" అన్న మాట తీసేసి ఈ పేర్లే రాశాను.

"చల్లని ప్రదేశం" అంటే ఏమిటి? మా సరుకు షీటులో 35 డిగ్రీలు దాటకూడదని ఉంది. మే నెలలో మన రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకు తెలుసు. అందుకే చల్లని ప్రదేశం అని రాయడం మానేసి, స్లాబు ఉన్న గది ఇచ్చి, గోడకి థర్మామీటరు తగిలించి, 35 దగ్గర ఎర్ర గీత గీశాను. గీత దాటితే నాకు ఫోన్ చేయాలి. డ్రమ్ములు నేల మీద కాకుండా ప్లాస్టిక్ ప్యాలెట్ల మీద ఉండాలి, చెక్కవి వద్దు.

ఇక నీళ్ల సంగతి. అందరూ తడబడేది ఇక్కడే. షీటులో ఒకచోట "నీరు తగలనీయవద్దు" అని ఉంటుంది. ఇంకోచోట "మంటలైతే పుష్కలంగా నీరు వాడండి" అని ఉంటుంది. రెండూ నిజమే. కొంచెం నీళ్లు పడితే పొడి వేడెక్కి క్లోరిన్ వదులుతుంది, ఆ వేడిని తీసుకుపోవడానికి ఆ నీళ్లు చాలవు. ధారగా కొడితే నీళ్లే వేడిని లాక్కుంటాయి. కుదించేటప్పుడు నేను మొదటిది ఉంచి రెండోది వదిలేశాను. ఇప్పుడు కాగితంలో ఇలా ఉంది: "చెంబు నీళ్లు, బకెట్ నీళ్లు వద్దు. మంట చిన్నదై, గాలి మీ వీపు వైపు నుంచి వస్తుంటేనే దూరం నుంచి గొట్టంతో ఆపకుండా కొట్టండి. లేదా వదిలేసి బయటికి రండి, 101కి ఫోన్ చేయండి." ఆ నీళ్లు కాలవలోకి పోకుండా గేటు దగ్గర ఇసక బస్తాలు పెట్టాం. ఈ సరుకు చేపకి, రొయ్యకి విషం, మన కాలవ నీళ్లు ఎవరి చెరువులోకి ఎక్కుతాయో వేరే చెప్పక్కర్లేదు.

"తగిన సిలిండర్" అని రాసినందుకు నన్ను నేను క్షమించుకోలేను. మన గోడౌన్లలో గోడకి వేలాడే ఎర్ర సిలిండర్లు చాలా వరకు ఏబీసీ పౌడర్‌వి. అందులో ఉండేది అమ్మోనియం ఫాస్ఫేట్. షీటు ఐదో విభాగం అమ్మోనియం కలిసిన పొడి సిలిండర్లు వాడొద్దని స్పష్టంగా చెబుతుంది, ఎందుకంటే ఈ సరుకుతో కలిస్తే పేలే ప్రమాదం ఉంది. ఆ రోజు ఒకతను సిలిండర్ కోసం పరిగెత్తాడు. పిన్ను తుప్పు పట్టి ఊడిరాలేదు. ఇప్పుడు ఆ గదికి సిలిండర్ లేదు, గొట్టమే ఉంది. తలుపు మీద "ఇక్కడ ఎర్ర సిలిండర్ కొట్టొద్దు" అని అరచేతంత అక్షరాలతో రాయించాను.

పొడి ఒలికితే తడి లేని ప్లాస్టిక్ చేటలోకి ఎత్తి, తడి లేని వేరే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, బయట నీడలో పెట్టాలి. మళ్లీ డ్రమ్ములో పోయకూడదు, చెత్తబుట్టలో అసలే వేయకూడదు. ఒంటి మీద పడితే ముందు పొడిగా దులిపి ఆ తర్వాత ధార కింద కడగాలి. కళ్లలో పడితే పావుగంటకి తగ్గకుండా కడుగుతూనే ఉండాలి. మింగితే నోరు కడిగించాలి గానీ వాంతి చేయించకూడదు. ముక్కుకి కట్టుకునే తువ్వాలు దుమ్మునైనా కాస్త ఆపుతుందేమో, క్లోరిన్‌ని ఆపదు.

ఇక బాబాయ్ సంగతి. క్లోరిన్ ఎక్కువగా పీల్చిన మనిషి మొదట తేరుకున్నట్టు కనిపించి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి కూలబడవచ్చు. షీటులో ఉన్న ఈ సంగతి నా ఒక్క పేజీలోకి రాలేదు, "తాజా గాలి" దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు ఉన్నది ఇది: "వాసన పీల్చి దగ్గినవాళ్లు తగ్గిందని చెప్పినా సరే, ఇంటికి పంపొద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే పంపండి. గేటు దగ్గర కవర్లో ఉన్న పూర్తి షీటు కూడా వాళ్ల చేతికివ్వండి." హమాలీకి ఒక పేజీ చాలు, డాక్టరుకి చాలదు. ఆయనకి ఇంగ్లీషు షీటు మొత్తం కావాలి.

కొత్త కాగితం అంటించే ముందు బాబాయ్‌నే కూర్చోబెట్టి చదివించాను. అర్థమైందా అని అడగలేదు. "ఇప్పుడు వాసన వచ్చింది, ఏం చేస్తావు బాబాయ్?" అని అడిగాను. రెండు చోట్ల ఆగాడు. ఒకటి "పుష్కలంగా" అన్న మాట దగ్గర. "అంటే ఎంతండీ, రెండు బకెట్లా?" అన్నాడు. గొట్టం అన్న మాట వచ్చింది అలాగే. రెండోది "గాలికి ఎదురు వైపు, ఎత్తున్న చోటికి వెళ్లండి" అన్న దగ్గర. క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, నేలబారున పల్లంలోకి పాకుతుంది, అందుకే ఆ మాట. "ఎత్తంటే కాలవ గట్టేనండి. కానీ లోపల ఉన్నవాడికి గాలి ఎటు నుంచి వస్తుందో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. సాయంత్రానికి బాబాయే ఒక వెదురు గెడకి ఎర్ర గుడ్డ కట్టి, లోపలి నుంచి తలుపులోంచి కనిపించేలా గేటు స్తంభానికి బిగించాడు.